పాటలో వదిలిన రెండు మాత్రలు

ఒక మనిషి నోరు నేను నా చేత్తో పగలగొట్టాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. కొట్టింది కంచు తాళంతో, భజనలో వాయించే తాళంతో. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడి దాచానని అనుకోవద్దు. మా ఇంట్లో మనిషిని కొట్టడం విడిగా చెప్పుకోవలసినంత విషయం కాదు. చివరికి చెప్పవలసి వచ్చింది. అదీ ఒక విశ్వవిద్యాలయానికి, బి.ఎ. రెండో ఏడాది వ్యాసంలో.

నేను సిడ్నీ పడమటి శివార్లలో ఒక ఆస్పత్రిలో సెక్యూరిటీ ఉద్యోగం చేస్తాను. తాగి వచ్చినవాళ్ళు, మతి తప్పినవాళ్ళు నర్సుల మీదికి చెయ్యెత్తితే పట్టుకుని పడుకోబెట్టడం నా పని. మా తాతగారు ఏనుగు మీద ఊరేగిన మనిషి. నేను నీలం చొక్కా, నల్ల బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడతాను. నిలబడేటప్పుడు మాత్రం వీపు వంచను. యాభై ఏడో ఏట, సగంలో వదిలేసిన డిగ్రీ పూర్తి చేద్దామని చేరినప్పుడు, క్లాసులో పిల్లలు నన్ను చూసి మొదట ప్రొఫెసరు అనుకున్నారు. నేను వెంటనే సరిదిద్దలేదు.

సంగీతం, సమాజం అనే పాఠంలో ఒక వ్యాసం రాయాలి. మీ సొంత భాషలో భక్తి పాటలు, జానపదాలు సినిమా పాటను ఎలా మలిచాయో ఒక్క బాణీని పట్టుకుని చూపించండి అన్నారు. నాకు వెతుక్కునే పని లేదు. మా వంశానికి మిగిలిన చివరి ఆస్తి ఒక బాణీయే.

నేను పుట్టకముందు మద్రాసు నుంచి ఒక సంగీత దర్శకుడి సహాయకుడు మా ఊరు వచ్చాడు. మా దివాణం భజన మందిరంలో మూడు రోజులు కూర్చుని, మా వాళ్ళు పాడే ఒక కీర్తనను హార్మోనియం మీద పలికించి, స్వరాలు నోటుపుస్తకంలో రాసుకుని వెళ్ళాడు. మరుసటి ఏడాది అది సినిమాలో వినిపించింది. మాటల్లో రాముడు పోయి ప్రియురాలు వచ్చింది, బాణీ మాత్రం అదే. భూములు పోయాయి, దావాలు పోయాయి, మందిరం ఎరువుల గోదాము అయింది. ఎవడో బస్సులో ఆ పాట కూనిరాగం తీస్తే మాత్రం నేను నిటారుగా కూర్చునేవాణ్ణి. అది మాది.

చిత్తుప్రతి ఒకటి సిద్ధం చేశాను. భజన నుంచి సినిమాకు ఏమేమి వచ్చాయో వరసగా రాశాను. ఒకరు పాడితే పదిమంది తిరిగి అందుకోవడం, అదే సినిమాలో కోరస్. విలంబంగా మొదలై, రెండింతల వేగానికి ఎక్కి, నామం ఒక్కటే మిగిలేదాకా పోవడం, అదే భక్తి చిత్రాల్లో పతాక సన్నివేశపు పాట. కీర్తన నుంచి పల్లవి, చరణం వచ్చాయి. అనుపల్లవి చాలా పాటల్లో రాలిపోయింది, ఎందుకంటే గ్రామఫోను రికార్డు ఒక వైపు మూడున్నర నిమిషాలకు మించదు, ఉన్న కాస్త జాగా వాద్యాలకు కావాలి. కానీ చరణం చివరి పాదం మెల్లగా మెట్లు దిగి పల్లవి ఎత్తుగడను అందుకోవడం మాత్రం కీర్తనలో ఉన్నట్టే మిగిలింది. హరికథ నుంచి మాట పాటలోకి, పాట మాటలోకి జారడం వచ్చింది. బైరాగి తత్వం నుంచి ఏక్‌తార మీద ఒకే శ్రుతిని పట్టుకుని నడిచే విషాద గీతం వచ్చింది. జానపదాల గురించి కూడా రాశాను. బుర్రకథ వంతల తందానా, దంపుళ్ళ పాటలో రోకటి పోటు, పడవ పాటలో తెడ్డు ఊపు. ఇవన్నీ ‘అలంకారాలు’ అని రాశాను. ప్రాణం మాత్రం భజనదే అన్నాను. మా మందిరం దానికి సాక్ష్యం.

ఒకరి ప్రతిని ఒకరు చదివి తప్పులు పట్టాలని క్లాసులో నియమం. నాకు జోడీగా వచ్చింది ఒక తెలుగు అమ్మాయి. సిడ్నీలోనే ఇంకో శివారు, స్కోఫీల్డ్స్‌లో ఉంటారు. నాలుగేళ్ళప్పుడు ఇక్కడికి వచ్చింది, వాళ్ళది కూడా గోదావరి జిల్లాయే. లైబ్రరీలో ఎదురుగా కూర్చుని, హెడ్‌ఫోన్లు ఒక చెవికి పెట్టుకుని నా ప్రతి చదివింది.

“అంకుల్, ఎస్సే బ్యూటిఫుల్‌గా ఉంది. బట్ ఆర్గ్యుమెంట్ లేదు.”

“లేకపోవడమేమిటి? మా మందిరంలో పాడారు, వాళ్ళు రాసుకుపోయారు. ఇంకేం కావాలి?”

“అది ఫ్యామిలీ స్టోరీ. ఎవిడెన్స్ కాదు.” నా కీర్తన రికార్డింగు, సినిమా పాట పక్కపక్కన పెట్టి వినిపించింది. కీర్తన పాడింది నేనే, ఫోన్‌లో. “ఇక్కడ చూడండి. లైన్‌కి ఎనిమిది కౌంట్లు. ఆరింటిలో మాటలు అయిపోతాయి. లాస్ట్ రెండు ఖాళీ. మీ భజనలో ఆ రెండింట్లో ‘రామా’ అని లాగుతారు. సినిమాలో ఫ్లూట్ పెట్టారు. ఎందుకుంది ఆ గ్యాప్?”

“భక్తుడు ఊపిరి తీసుకోవడానికి.”

“ప్రతి లైన్‌కీనా? మీ భక్తులకి ఆస్తమానా?”

ఆ మాట అన్నది మా ఊళ్ళో అయితే, మా నాన్నగారి ముందు అయితే, అనుకున్నాను. పిడికిలి బల్ల కింద దానంతటదే బిగుసుకుంది. ఆమె చూడలేదు.

“ఇంకోటి,” అంది. “మూడో లైన్‌లో చివర, వాక్యం మధ్యలో వచ్చి పడింది ‘రామా’. ‘నీ పాదముల – రామా – నీడ చల్లన.’ పాదముల నీడ అనేది ఒక ముక్క కదా, దాన్ని నరికారు. ముందు మాటలు రాసి ట్యూన్ కట్టినవాళ్ళు అలా నరకరు. ట్యూన్ ముందే ఉంది, మాటలు తర్వాత కూరారు. సినిమావాళ్ళు చేసినట్టే మీ వాళ్ళూ చేశారు.”

నేను కాగితాలు సర్దుకున్నాను. ఆమె నవ్వింది. “కోపం వచ్చిందా? మా మామ్మకి వినిపిస్తా. ఆవిడకి బోల్డు పాటలొచ్చు.”

ఆ వారమే ఆస్పత్రిలో ఒక మధ్యాహ్నం, మత్తుమందు మీద ఉన్న కుర్రాడు నర్సు జుట్టు పట్టుకున్నాడు. ఇద్దరం వెళ్ళి నేలకు అదిమాం. తల విదిలించబోయి నా మోచేతికి నోరు గుద్దుకున్నాడు. లేచి చూస్తే నా చొక్కా చేతి మీద రక్తం, అందులో తెల్లగా సగం పన్ను. రిపోర్టు రాశాను. ప్రమాదవశాత్తు అని రాశాను, అది నిజమే. చేతులు కడుక్కుంటుంటే మాత్రం నా కళ్ళ ముందున్నది ఆ కుర్రాడి నోరు కాదు.

ఆదివారం స్కోఫీల్డ్స్ వెళ్ళాను. ఒకే అచ్చులో పోసిన ఇళ్ళు, వాటి వెనుక ఒకే కొలతలో గడ్డి. అమ్మాయి తల్లీ తండ్రీ షాపింగ్‌కు వెళ్ళారు. మామ్మ వెనుక వరండాలో గోంగూర వలుస్తూ ఉంది. డెబ్భై దాటిన మనిషి, నల్లగా, సన్నగా, వేళ్ళు మాత్రం గట్టిగా ఉన్నాయి.

“ఏమ్మా, నీకు పాటలొచ్చటగా. ఒకటి పాడు,” అన్నాను.

అమ్మాయి నా వైపు తిరిగింది. “అంకుల్. మామ్మని ‘మీరు’ అనండి.”

“పోనీలేవే,” అంది మామ్మ. “ఏ ఊరు బాబూ మనది?”

ఊరు చెప్పాను. ఇంటి పేరు కూడా చెప్పాను, చెప్పకుండా ఉండడం నాకు చేతకాదు. ఆవిడ ఒళ్ళో గోంగూర పక్కన పెట్టి లేచి నిలబడింది. అది గౌరవం కాదు, అలవాటు. నిలబడ్డాక తనే తెలుసుకున్నట్టు, నిదానంగా, నా కళ్ళలోకి చూస్తూ మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

“దివాణం బాబుగారా,” అంది. “మీ ఊరు ఊడుపులకి వచ్చేవోళ్ళం. పాతికమందిమి, ముఠా కట్టి.”

అమ్మాయి ఫోన్‌లో సినిమా పాట పెట్టింది. రెండు పాదాలు విని ముసలావిడ ఆపమంది. “ఇది మా అమ్మ పాట.”

“ఆవిడ సినిమా చూసి నేర్చుకున్నారేమో మామ్మా?” అమ్మాయి అడిగింది. నా తరఫున అడిగిన ప్రశ్న అది.

“సినిమానా? మా అమ్మ సినిమా మొకం ఎరగదే. నేను పాలు తాగేప్పుడు నన్ను గట్టు మీద పడుకోబెట్టి పాడేదంట.”

పాడింది. పాడడానికి లేచి గడ్డిలోకి దిగింది, కూర్చుంటే రాదంది. నడుము వంచి, ఎడమ చేతిలో లేని నారుకట్ట పట్టుకుని, కుడి చేత్తో మడిలో నాటుతున్నట్టు.

నారు పచ్చన అమ్మా, ఒడ్డు ఎర్రన –
నడుము వంగెను అమ్మా, పొద్దు వంగదే –

ప్రతి పాదం చివరా మాట ఆగింది. ఒక మాత్రకు వేళ్ళు మొక్కను బురదలోకి నొక్కాయి. రెండో మాత్రకు కాలు వెనక్కి పడింది. నాట్లు వేసేవాళ్ళు వెనక్కి నడుస్తారు. నాటిన మొక్కను తొక్కకుండా అందరి కాళ్ళూ ఒక్కసారే వెనక్కి పడాలి, అందుకే పాట. ఆ రెండు మాత్రల్లో మాట ఉంటే అడుగు తప్పుతుంది.

భజనలో కూర్చున్నవాడు ఎక్కడికి అడుగు వేస్తాడు? ఖాళీ మిగిలింది గనక రాముణ్ణి కూరాం. సినిమావాళ్ళు వేణువును కూరారు.

“ఓ మై గాడ్,” అంది అమ్మాయి. “స్టెప్ అది! అంకుల్, అది స్టెప్!”

ఆ అడుగు చప్పుడు నేను ముందే విన్నాను. నాకు తెలియని విషయం కాదు.

నాకు ఇరవయ్యో ఏట, మా మందిరంలో శ్రీరామనవమి. మధ్యాహ్నం ఎండ పందిరి చిల్లుల్లోంచి పొడుస్తోంది. మైకులో ఆ సినిమా పాట వేశారు. నాన్నగారు జిల్లా నుంచి వచ్చిన అధికారితో, ఇది మా కీర్తన అని చెబుతున్నారు. మా ఇంట్లో భజన అంటే భక్తి కంటే భయం ఎక్కువ. ఒకసారి మృదంగం మనిషి లయ తప్పితే నాన్నగారు విసిరిన తాళం అతని కనుబొమ్మ చీల్చింది. అతను రక్తం తుడుచుకుంటూ వాయించాడు, లయ మళ్ళీ తప్పలేదు. అందరూ మెచ్చుకున్నారు, నేను కూడా.

పందిరి బయట పానకం కోసం పాలేళ్ళ వాడ జనం నిలబడ్డారు. అందులో ఒకడు, మా పొలంలోనే పనిచేసేవాడు, పైకే నవ్వాడు. “అది మా అమ్మ పాటండి బాబూ. ఇనండి కావాలంటే,” అని ఎత్తుకున్నాడు. గొంతు మైకును మింగేసింది. నారు, ఒడ్డు, నడుము, పొద్దు అన్నీ పాడాడు. వెనుక ఆడవాళ్ళు ఖాళీ మాత్రల్లో కాళ్ళు నేలకు కొట్టారు. అధికారి నవ్వుతూ తల ఊపాడు. వాడు రెండో చరణం ఎత్తుకున్నాడు.

దొర గొడుగు నీడ అమ్మా, దొరకే చాలదే –

నాన్నగారు నా వైపు చూశారు. మా ఇంట్లో ఆజ్ఞకు మాట అక్కర్లేదు. నా కుడి చేతిలో తాళం ఉంది, అరచెయ్యి వెడల్పు, తాడు వేలికి చుట్టి ఉంది. వాడు ‘మా నెత్తిమీది అమ్మా’ అన్నాడు. మొదటి దెబ్బ అక్కడ పడింది. తాళం అంచు పై పెదవిని రెండుగా తెరిచింది. వాడు పడలేదు, ఆశ్చర్యంగా చూశాడు, నోరు ఇంకా పాట ఆకారంలోనే ఉంది. అదే నాకు కోపం తెప్పించింది. రెండో దెబ్బకు పళ్ళు విరిగాయి, చప్పుడు వినిపించింది. మూడో దెబ్బ దవడ మీద. మోకాళ్ళ మీద పడ్డాక కూడా కాలితో తన్నాను. ఎంతసేపో తెలియదు. ఆపినవాళ్ళు లేరు. ఒక ఆడమనిషి పానకం చెంబు వదిలేసింది, బెల్లం నీళ్ళు రక్తంలో కలిసి ఎర్ర చీమలు వచ్చాయి.

నాన్నగారు చెయ్యి ఎత్తి, కానివ్వండి అన్నారు. నేను వచ్చి నా చోట కూర్చున్నాను. కీర్తన మొదలైంది, అదే కీర్తన. తాళాలు కలిసినప్పుడల్లా నా తెల్ల చొక్కా మీద సన్నగా ఎర్రని తుంపర పడింది. లయ ఒక్కచోట కూడా తప్పలేదు.

వాడు బతికాడు. మాట ముద్దగా వచ్చేది. మళ్ళీ పాడలేదు.

గడ్డిలో నిలబడ్డ మామ్మ ఒక చరణంతో ఆపింది. అమ్మాయి ఫోన్ ముందుకు చాపి, “ఇంకో చరణం ఉంది కదా మామ్మా, మొన్న పాడావు,” అంది.

“ఉంది.”

“పాడమ్మా,” అన్నాను. నా గొంతులో ఆ పాత ధ్వని నాకే వినిపించింది.

“మీ ఊళ్ళో ఆ పాట మానేశాం బాబుగారూ,” అంది. “ఒక ఏడు నాట్లకి వచ్చేసరికి ఎవరూ ఎత్తలేదు. పాట లేకుండానే నాటాం. వరసలు వంకరపోయాయి. ఎందుకు మానేశామో తమకి తెలీదా?”

“తెలుసు.”

“మరింకేంటి.” వరండా ఎక్కి, వంగి గోంగూర కట్ట తీసుకుంది.

“వాట్ హాపెండ్?” అమ్మాయి ఆవిణ్ణి అడిగి, తర్వాత నన్ను అడిగింది. “ఏమైంది? ఎవరైనా చెప్పండి.”

ముసలావిడ కుర్చీలో కూర్చుని ఆకు వలవసాగింది. అది నేను చెప్పవలసింది, ఆవిడ కాదు. వరండా మెట్టు దగ్గర నిలబడే చెప్పాను. పైన రాసినట్టే చెప్పాను, చీమలతో సహా. వీపు వంచలేదు, ఏడవలేదు. అమ్మాయి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది. “మీ చేత్తోనా?” అంది. నా కుడి చెయ్యి చూస్తోంది. “ఈ చేత్తోనేనా క్లాసులో నాకు కాఫీ తెచ్చేది?”

“అవును.”

“వెళ్ళండి అంకుల్.”

వెళ్ళబోతుంటే మామ్మ అంది. “ఆ రెండో చరణం ఆడు మీ ముందు ఎంతవరకు పాడాడో అంతవరకే తమది. మిగతాది అడగొద్దు.”

స్కోఫీల్డ్స్ స్టేషనులో రైలు కోసం నిలబడి, ఒక స్తంభాన్ని గుద్దాను. రెండు వేళ్ళ కణుపులు చిట్లాయి. స్టేషను ఉద్యోగి వచ్చి, ఆర్ యూ ఆల్‌రైట్ మేట్ అన్నాడు. అంతకంటే గట్టిగా వాణ్ణి గుద్దాలనిపించింది. గుద్దలేదు. నా ఒంట్లో ఆ ఇరవై ఏళ్ళ కుర్రవాడు చచ్చిపోలేదని అప్పుడు తెలిసింది. వాణ్ణి ముప్పై ఏడేళ్ళుగా జీతం ఇచ్చి తలుపు దగ్గర నిలబెట్టాను, అంతే.

రాసిన ప్రతిని పక్కన పెట్టాను. గడువుకు మూడు రోజులు. వాచిన వేళ్ళతో మళ్ళీ మొదటి నుంచి రాశాను. ఎదురెదురుగా మూడు స్వరలిపులు వేశాను. ఊడుపు పాట, మా కీర్తన, సినిమా పాట. మూడింటిలోనూ పాదానికి ఎనిమిది మాత్రలు, ఏడూ ఎనిమిదీ ఖాళీ. మొదటిదాంట్లో ఆ ఖాళీకి పని ఉంది, చెయ్యి, కాలు. రెండోదాంట్లో పని పోయి దేవుడి పేరు మిగిలింది. మూడోదాంట్లో పేరు పోయి వేణువు మిగిలింది. పని ఉన్నదే ముందుది. జానపదం అలంకారం అని రాసిన పేరా కొట్టేశాను. భక్తి గీతం మధ్యలో ఉన్న వంతెన అని రాశాను. మడిలోని బాణీ స్టూడియోకు నేరుగా నడిచి వెళ్ళలేకపోయింది. మా మందిరంలో స్నానం చేయించి, బొట్టు పెట్టి, మాది అని చెప్పి పంపాం. సహాయకుడు మూడు రోజులూ మందిరంలో కూర్చున్నాడు గానీ, మందిరం గోడ అవతల నాట్లు పడుతున్నాయి. వినే ఉంటాడు. రాసుకున్నది మాత్రం మా పేరు.

అదంతా నిలబెట్టడానికి రుజువు కావాలి. మొదటి చరణం వరకే ఉన్న మామ్మ రికార్డింగును అమ్మాయి ఒక్క మాట రాయకుండా పంపింది. రెండో చరణానికి ఆధారం నేనే. ఆ పాదాన్ని స్వరలిపిలో రాశాను. దొర గొడుగు నీడ అమ్మా, దొరకే చాలదే, రెండు ఖాళీ మాత్రలు, మా నెత్తిమీది అమ్మా. ఆ తర్వాత గీతలు మాత్రం గీశాను, వాటి మీద స్వరాలు వేయలేదు. ఒక పాదానికి సరిపడా ఖాళీ. అడుగున సూచిక రాశాను: ఈ పాదం సంపూర్ణంగా తెలిసినవారు ఉన్నారు. వారు ఈ వ్యాసకర్తకు ఇవ్వడానికి నిరాకరించారు. ఈ చోట గాయకుణ్ణి వ్యాసకర్త కంచు తాళంతో నోటి మీద కొట్టాడు. ఆ కారణంగా ఆ గ్రామంలో ఈ పాట ఆగిపోయింది.

మా వంశం పేరు వ్యాసంలో రెండుచోట్ల ఉంది. ఒకటి కీర్తన పక్కన, ఒకటి ఆ సూచికలో. తీసేద్దామని ఒక క్షణం అనిపించింది. మా పేరు రాసిన చోటు నుంచి తీసే అలవాటు మాకు లేదు. ఉంచాను.

క్లాసులో ఆ అమ్మాయి జోడీ మార్చుకుంది. వ్యాసాలు సమర్పించే రోజు, తలుపు దగ్గర ఎదురుపడి, నా ప్రతి తీసుకుని నిలబడే చదివింది. సూచిక దగ్గర ఆగింది. చూపుడు వేలు ఖాళీ గీతల మీద పెట్టి, పెదవులు కదలకుండా, ఆ పాదాన్ని లోపల పూర్తిగా పాడుకుంది. వేలు ఎనిమిది మాత్రలు లెక్కపెట్టింది. ఏడు, ఎనిమిది దగ్గర ఆమె కుడి పాదం ఒక అంగుళం వెనక్కి జరిగింది.

కాగితాలు నా చేతికి కాకుండా బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళింది.